వంద కిలోల దాణా, ఒక చదరం

గుడ్లు పెట్టే లేయర్ పెట్ట రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. మంచి దిగుబడిలో ఉంటే దాదాపు రోజూ గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు 55 గ్రాముల బరువుంటే, లోపల ఆరు గ్రాములకు పైగా మాంసకృత్తులు, పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటాయి. పెట్ట ఒంటి బరువు చూస్తే కిలోన్నర అటూ ఇటూ. అంత చిన్న ప్రాణి ప్రతిరోజూ ఇంత సరుకు బయటికి పంపాలంటే అదంతా దాణా నుంచే రావాలి. పెరట్లో తిరిగే నాటుకోడికి పురుగులు, గింజలు, ఆకులు, సున్నపు పెళ్లలు దొరుకుతాయి. ఏది తక్కువైతే దాన్ని అదే వెతుక్కుంటుంది. కేజ్‌లో ఉన్న పెట్టకు ఆ వీలు లేదు. తొట్టిలో మనం ఏం పోస్తే అదే దాని లోకం. దాణాలో లోటు ఉంటే ముందు గుడ్డు మీద, తరవాత దాని ఒంటి మీద కనిపిస్తుంది.

తణుకు, అనపర్తి చుట్టుపక్కల చాలామంది లేయర్ రైతులు సొంతంగా గ్రైండర్, మిక్సర్ పెట్టుకుని దాణా తామే కలుపుకుంటారు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో చేరిన విద్యార్థులు పోషణ పాఠంలో మొదట చేతికి తెచ్చుకునే లెక్క కూడా ఈ దాణా కలపడానికి సంబంధించినదే. దానికి పియర్సన్ చదరం అని పేరు. పాల డెయిరీల్లో వెన్న శాతం కుదర్చడానికి కూడా ఇదే లెక్క వాడతారు. ఒక కాగితం, కలం ఉంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ రెండు నిమిషాల్లో ఏం తేలుతుందో, ఏం తేలదో తెలుసుకోవడానికి వంద కిలోల లేయర్ దాణాను మొదటి నుంచి చివరిదాకా కలిపి చూద్దాం.

రెండు గింజలు, రెండు పనులు

మన దగ్గర కోళ్ల దాణాకు రెండు మూలస్తంభాలు. ఒకటి మొక్కజొన్న, రెండోది నూనె తీసిన సోయా చెక్క. వ్యాపారులు రెండో దాన్ని డీఓసీ అంటారు. మొక్కజొన్నలో పిండిపదార్థం ఎక్కువ, కాబట్టి అది శక్తినిస్తుంది. కిలో మొక్కజొన్న నుంచి కోడికి సుమారు 3,300 కిలో కేలరీల శక్తి అందుతుంది. ప్రొటీన్ మాత్రం 9 శాతమే. సోయా చెక్కలో ప్రొటీన్ 45 శాతం దాకా ఉంటుంది, శక్తి కిలోకు 2,250 కిలో కేలరీల దగ్గర ఆగిపోతుంది. ఒకటి పొయ్యిలో కట్టె, రెండోది కండకూ గుడ్డుకూ ముడిసరుకు.

పెట్టకు ప్రొటీన్ ఎంత కావాలో శాతంలో చెప్పడం మనకు అలవాటు. నిజానికి దాని ఒంటికి కావలసింది గ్రాములు. రోజుకు సుమారు 20 గ్రాముల ప్రొటీన్ అందితే మంచి దిగుబడిలో ఉన్న లేయర్‌కు సరిపోతుంది. అది 110 గ్రాముల దాణా తింటున్నప్పుడు ఆ 20 గ్రాములు అందాలంటే దాణాలో 18 శాతం ప్రొటీన్ ఉండాలి. 18 అనే లక్ష్యం ఇలా వచ్చింది. పెట్ట తినే తూకం మారితే ఈ అంకె కూడా మారాలి. ఈ సంగతి వేసవిలో పనికొస్తుంది, అక్కడికి తరవాత వద్దాం.

లక్ష్యం కన్నా ఎక్కువ ప్రొటీన్ పోస్తే నష్టమేమిటని అడిగేవారుంటారు. కోడి మిగులు ప్రొటీన్‌ను దాచుకోలేదు. దాన్ని విడగొట్టి, అందులోని నత్రజనిని యూరిక్ ఆమ్లంగా మార్చి, మూత్రపిండాల ద్వారా బయటికి పంపుతుంది. కోడి రెట్టలో కనిపించే తెల్లటి పూత అదే. ఈ పనికి నీళ్లు కావాలి కాబట్టి పెట్ట ఎక్కువ తాగుతుంది, రెట్ట పలచబడుతుంది, కేజ్‌ల కింద తడి పెరిగి ఈగలు ముసురుతాయి, షెడ్‌లో అమ్మోనియా ఘాటు కళ్లు మండిస్తుంది. దాణాలో ఖరీదైన సరుకు ఇలా రెట్టలో కలిసిపోతుంది.

చదరం గీద్దాం

లక్ష్యం 18 శాతం. చేతిలో ఉన్నవి 9 శాతం మొక్కజొన్న, 45 శాతం సోయా చెక్క. కాగితం మీద ఒక చదరం గీసి, నడిమధ్య 18 వేయండి. ఎడమవైపు పై మూలలో మొక్కజొన్న 9, కింది మూలలో సోయా 45 రాయండి. ఇప్పుడు ప్రతి మూల నుంచి మధ్య అంకె మీదుగా ఎదురు మూలకు వెళ్లండి. పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేసి, వచ్చింది ఆ ఎదురు మూలలో రాయండి.

```
మొక్కజొన్న  9            45 - 18 = 27 భాగాలు
                  18
సోయా చెక్క  45           18 - 9  =  9 భాగాలు
```

కుడివైపు పైన వచ్చిన 27, దానికి ఎదురుగా ఎడమవైపున్న మొక్కజొన్న భాగాలు. కింద వచ్చిన 9 సోయా భాగాలు. మొత్తం 36 భాగాలు. వంద కిలోలకు లెక్కేస్తే మొక్కజొన్న 75 కిలోలు, సోయా చెక్క 25 కిలోలు. సరిచూసుకోవడం తేలిక. 75 కిలోల మొక్కజొన్నలో 6.75 కిలోల ప్రొటీన్, 25 కిలోల సోయాలో 11.25 కిలోలు. కలిపితే సరిగ్గా 18.

ఈ అడ్డం లెక్క ఎందుకు కుదురుతుందో ఒకసారి ఆలోచిస్తే మళ్లీ మర్చిపోరు. కిలో మొక్కజొన్న పోసిన ప్రతిసారీ లక్ష్యానికి 9 పాళ్లు లోటు పడుతుంది. కిలో సోయా పోసిన ప్రతిసారీ 27 పాళ్లు మిగులు వస్తుంది. లోటూ మిగులూ సమానం కావాలంటే ఒక కిలో సోయాకు మూడు కిలోల మొక్కజొన్న పోయాలి. అంటే ఒకదాని తేడా రెండోదాని కొలత అవుతుంది. అందుకే ఎదురు మూలలకు వెళ్తాం.

దీన్నిబట్టి ఈ పద్ధతి షరతు కూడా తెలుస్తుంది. రెండు సరుకుల్లో ఒకటి లక్ష్యానికి కింద, ఒకటి పైన ఉండాలి. 8 శాతం నూకలు, 15 శాతం నూనె తీసిన తవుడు తీసుకుని 20 శాతం దాణా చేయమని చదరంలో వేస్తే, అంకెల గుర్తులు పట్టించుకోకుండా తీసివేస్తూ పోయినవారికి 5 భాగాలు, 12 భాగాలు అని ఏదో ఒక జవాబు వస్తుంది. ఆ ప్రకారం కలిపి సరిచూస్తే ప్రొటీన్ 13 శాతం దగ్గరే ఉంటుంది. రెండూ లోటు సరుకులే అయినప్పుడు ఎంత కలిపినా మిగులు రాదు. చదరం తప్పు జవాబుకు అడ్డు చెప్పదు. వచ్చిన కిలోలను మళ్లీ శాతాలతో గుణించి చూసుకున్నవారికే తప్పు దొరుకుతుంది.

రాయికి చోటు

75, 25 కిలోలు కలిపిన ఆ దాణా పెట్టకు పోస్తే ఏమవుతుంది? ప్రొటీన్ అందుతుంది, శక్తి అందుతుంది. కొద్ది రోజుల్లోనే పెంకులు పలచబడి, తోలుగుడ్లు మొదలవుతాయి. మొక్కజొన్నలో కాల్షియం లేనట్టే లెక్క, సోయాలో 0.3 శాతం. గుడ్లు పెట్టే పెట్ట దాణాలో మూడున్నర శాతం కావాలి. అది సున్నపురాయి గ్రిట్ నుంచో, గుల్లల గ్రిట్ నుంచో రావాలి. దానితోపాటు ఫాస్ఫరస్ కోసం డీసీపీ, ఉప్పు, విటమిన్లు, సూక్ష్మ ఖనిజాలు కావాలి. ఇవన్నీ కలిపి వంద కిలోల దాణాలో దాదాపు పది కిలోలు ఆక్రమిస్తాయి. వీటిలో లెక్కలోకి తీసుకోదగ్గ ప్రొటీన్ లేదు.

కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. ముందు వంద కిలోలు చదరంలో తేల్చేసి, ఆ మీద పది కిలోల ఖనిజాలు కలుపుతారు. అప్పుడు 18 కిలోల ప్రొటీన్ 110 కిలోల దాణాలోకి పరుచుకుంటుంది. అంటే 16.4 శాతం. కాగితం మీద 18 ఉంటుంది, తొట్టిలో ఉండదు. పెట్టకు రోజుకు 20 గ్రాముల బదులు 18 గ్రాములు అందుతాయి. అన్ని గుడ్లూ ఒక్కసారిగా ఆగిపోవు కాబట్టి తప్పు వెంటనే బయటపడదు. ముందు గుడ్డు సైజు తగ్గుతుంది, తరవాత గుడ్ల సంఖ్య నెమ్మదిగా జారుతుంది. రోగమేమో అని మందుల వైపు చూస్తారు.

సరైన దారి ఏమిటంటే, ఖనిజాల చోటు ముందే పక్కన పెట్టాలి. వంద కిలోల్లో పది కిలోలు వాటివి. మిగిలిన 90 కిలోల్లోనే మొత్తం 18 కిలోల ప్రొటీన్ ఇమడాలి. 18ని 90తో భాగిస్తే 20 శాతం. కాబట్టి చదరం మధ్యలో రాయాల్సిన అంకె 20.

```
మొక్కజొన్న  9            45 - 20 = 25 భాగాలు
                  20
సోయా చెక్క  45           20 - 9  = 11 భాగాలు
```

మొత్తం మళ్లీ 36 భాగాలే. 90 కిలోలను 36తో భాగిస్తే భాగానికి రెండున్నర కిలోలు. మొక్కజొన్న 62.5 కిలోలు, సోయా చెక్క 27.5 కిలోలు. సరిచూస్తే మొక్కజొన్న నుంచి 5.625, సోయా నుంచి 12.375, కలిపి 18 కిలోలు. ఈసారి పది కిలోల ఖనిజాలు కలిసిన తరవాత కూడా దాణాలో 18 శాతమే ఉంటుంది.

ఆ పది కిలోల్లో ఏముండాలి? 38 శాతం కాల్షియం ఉన్న సున్నపురాయి గ్రిట్ 8.3 కిలోలు, డీసీపీ ఒక కిలో, ఉప్పు 300 గ్రాములు, మిగిలిన 400 గ్రాములు ప్రీమిక్స్‌కు. కాల్షియం లెక్క చూడండి. గ్రిట్ నుంచి 3.15 కిలోలు, డీసీపీ నుంచి పావు కిలో, సోయా, మొక్కజొన్నల నుంచి సుమారు 90 గ్రాములు. కలిపితే మూడున్నర కిలోలు, అంటే మూడున్నర శాతం. పెట్ట 110 గ్రాముల దాణా తింటే దానికి 3.85 గ్రాముల కాల్షియం చేరుతుంది. పెంకుకు కావలసింది 2 గ్రాములే కదా అనిపించవచ్చు. తిన్నదంతా రక్తంలోకి వెళ్లదు, సగానికి కాస్త పైగా మాత్రమే పేగు పీల్చుకుంటుంది. రెండు గ్రాములు దక్కాలంటే దాదాపు నాలుగు గ్రాములు పెట్టాలి.

ఇంకో చిక్కు ఉంది. గుడ్డు తయారవడానికి పట్టే 24 నుంచి 26 గంటల్లో దాదాపు 20 గంటలు పెంకు పనికే పోతాయి. అందులో ఎక్కువ భాగం రాత్రి పూటే జరుగుతుంది. దీపాలు ఆర్పేశాక పెట్ట దాణా ముట్టదు. పెంకుకు సున్నం మాత్రం అప్పుడే కావాలి. రాయి మెత్తటి పొడిగా ఉంటే సాయంత్రానికే కడుపు దాటి వెళ్లిపోతుంది. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ముక్కలుగా ఉంటే కందనకాయలో నిలిచి, రాత్రంతా నెమ్మదిగా కరుగుతూ కాల్షియం అందిస్తుంది. అప్పటికీ చాలకపోతే పెట్ట తన ఎముకల్లోంచి తీసి పెంకుకు పెడుతుంది. ఇలా రోజూ తీస్తూ పోతే ఎముకలు పెళుసుబారి, వయసు ముదిరిన పెట్టలు కేజ్‌లో కాళ్లు చాపుకుని కూలబడతాయి. కాబట్టి గ్రిట్‌లో కనీసం సగం ముక్కలుగా ఉండాలి. శాతం ఒకటే అయినా ముక్కకూ పొడికీ పెంకులో తేడా వస్తుంది.

ప్రొటీన్ లోపల ఇంకో లెక్క

18 శాతం ప్రొటీన్ కుదిరింది. కానీ పెట్ట ఒళ్లు ప్రొటీన్‌ను ప్రొటీన్‌గా వాడుకోదు. దాన్ని అమైనో ఆమ్లాలుగా విడగొట్టి, తనకు కావలసిన వరసలో మళ్లీ పేర్చుకుంటుంది. వీటిలో కొన్నింటిని కోడి స్వయంగా తయారుచేసుకోలేదు, దాణాలోంచే రావాలి. వాటిలో ఏ ఒక్కటి తక్కువైనా మిగతావి ఎంత ఉన్నా పేర్పు అక్కడే ఆగిపోతుంది. మొక్కజొన్న, సోయాలతో చేసిన దాణాలో ముందుగా లోటు పడేది మెథియోనిన్. ఈకలకూ గుడ్డుకూ అది ఎక్కువ కావాలి.

మన వంద కిలోల్లో అది ఎంత ఉంది? మొక్కజొన్నలో 0.18 శాతం, సోయా చెక్కలో 0.62 శాతం మెథియోనిన్ ఉంటుంది. 62.5 కిలోల మొక్కజొన్న నుంచి 112 గ్రాములు, 27.5 కిలోల సోయా నుంచి 170 గ్రాములు, కలిపి 282 గ్రాములు. అంటే దాణాలో 0.28 శాతం. దిగుబడి మీదున్న పెట్టకు 0.40 శాతం దగ్గర కావాలనుకుంటే వంద కిలోలకు సుమారు 120 గ్రాములు తక్కువ.

ఈ లోటు సోయాతోనే తీర్చాలంటే ఇంకో 27 కిలోల మొక్కజొన్న తీసేసి దాని స్థానంలో సోయా వేయాలి. అప్పుడు మెథియోనిన్ కుదురుతుంది, దాణా ప్రొటీన్ మాత్రం 28 శాతానికి ఎగబాకుతుంది. మిగులంతా యూరిక్ ఆమ్లమై రెట్టలోకి పోతుంది. దానికి బదులు 120 గ్రాముల డీఎల్ మెథియోనిన్ పొడి కలిపితే పని అయిపోతుంది. ప్రీమిక్స్‌కు ఉంచిన 400 గ్రాముల్లో ఇది ఇమిడిపోతుంది. మిగతా 280 గ్రాములు విటమిన్లు, సూక్ష్మ ఖనిజాలు, కోలిన్, ఫైటేజ్ ఎంజైమ్‌ల వాటా.

ఫైటేజ్ ఎందుకంటే, గింజల్లోని ఫాస్ఫరస్‌లో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో బిగుసుకుని ఉంటుంది. కోడి దాన్ని విడదీసుకోలేదు. ఆ ముడి విప్పే ఎంజైమ్ ఇది. దీన్ని వేస్తే ఒక కిలో డీసీపీతోనే సరిపెట్టుకోవచ్చు.

ఇంత తక్కువ తూకంలో ఉన్న పొడులను నేరుగా మిక్సర్‌లో వేస్తే ఒక బస్తాలో ఎక్కువ, ఒక బస్తాలో తక్కువ పడతాయి. ముందు ఐదు కిలోల మొక్కజొన్న పిండిలో చేత్తో బాగా కలిపి, ఆ మిశ్రమాన్ని మిక్సర్ తిరుగుతుండగా వేయాలి. లెక్క ఎంత సరిగా ఉన్నా ఈ పని సరిగా చేయకపోతే తొట్టిలో ఒక పెట్టకు మెథియోనిన్ అందుతుంది, పక్క పెట్టకు అందదు. అందని పెట్ట పక్కదాని ఈకలు పీకడం మొదలుపెడుతుంది.

తవుడు కలిపితే

ఇప్పుడు శక్తి చూద్దాం. చదరం దాన్ని పట్టించుకోలేదు, మనమే వేరుగా లెక్కేయాలి. 62.5 కిలోల మొక్కజొన్నను 3,300తో, 27.5 కిలోల సోయాను 2,250తో గుణించి, కూడి, వందతో భాగిస్తే కిలో దాణాకు సుమారు 2,680 కిలో కేలరీలు. లేయర్ దాణాకు ఇది సరిపోయే స్థాయి. పెట్ట 110 గ్రాములు తింటే దానికి రోజుకు 295 కిలో కేలరీలు అందుతాయి.

మొక్కజొన్న ధర పెరిగినప్పుడు రైతు చూపు నూనె తీసిన తవుడు మీదికి వెళ్తుంది. గోదావరి జిల్లాల్లో రైస్ మిల్లులున్నాయి కాబట్టి దొరకడమూ తేలిక. అందులో ప్రొటీన్ 15 శాతం, మొక్కజొన్న కన్నా ఎక్కువే. మూడు సరుకులతో చదరం ఎలా? రెండింటిని ముందే ఒక నిష్పత్తిలో కలిపి ఒకే సరుకుగా చూడాలి. మూడు పాళ్లు మొక్కజొన్న, ఒక పాలు తవుడు అనుకుందాం. మూడు తొమ్ముల ఇరవై ఏడు, దానికి పదిహేను కలిపితే నలభై రెండు, నాలుగుతో భాగిస్తే 10.5 శాతం. చదరంలో 9కి బదులు 10.5 వేసి, మధ్యలో 20 ఉంచి లెక్కిస్తే గింజల మిశ్రమం 25 భాగాలు, సోయా 9.5 భాగాలు. 90 కిలోలకు చూస్తే మొక్కజొన్న 48.9, తవుడు 16.3, సోయా 24.8 కిలోలు.

ప్రొటీన్ మళ్లీ 18 శాతమే. పైగా దాదాపు మూడు కిలోల సోయా, పదమూడు కిలోలకు పైగా మొక్కజొన్న మిగిలాయి. చదరం వరకే చూసినవారికి ఇది లాభసాటి బేరం. ఇప్పుడు శక్తి లెక్క వేయండి. నూనె తీసేసిన తవుడులో పీచు ఎక్కువ, కోడికి దక్కే శక్తి కిలోకు 1,900 కిలో కేలరీల లోపే అనుకోవాలి. మొత్తం దాణా 2,480 దగ్గరికి పడిపోతుంది.

కోడి కడుపు నిండేదాకా తిని ఆగే జీవి కాదు. చాలావరకు తన ఒంటికి కావలసిన శక్తి అందేదాకా తింటుంది. ఆ 295 కిలో కేలరీల కోసం ఈ దాణా 119 గ్రాములు తినాలి. పెట్టకు తొమ్మిది గ్రాములు ఎక్కువ. పదివేల పెట్టల షెడ్‌లో అది రోజుకు 90 కిలోలు. బస్తా ధరలో మిగిలింది తూకంలో పోతుందా, పోయినా ఇంకా మిగులుతుందా అనేది ఆనాటి ధరలను బట్టి రైతు తేల్చుకోవాలి. బస్తా ధరను బస్తా ధరతో పోల్చకుండా, ఒక గుడ్డుకు ఎంత దాణా ఖర్చయిందో పోల్చాలి.

వేసవిలో ఇది ఇంకా ముదురుతుంది. షెడ్‌లో వేడి 40 డిగ్రీలు దాటితే పెట్ట రొప్పుతూ దాణా తగ్గిస్తుంది. 110 గ్రాములు తినేది 95కు దిగితే, 18 శాతం దాణా నుంచి 17 గ్రాముల ప్రొటీన్ మాత్రమే అందుతుంది. ఆ సమయంలో తవుడు కలిపిన పలచని దాణా ఇస్తే, లోటు పూడ్చుకునేంత తినే ఓపిక దానికి ఉండదు. అప్పుడు తవుడు తగ్గించి శక్తిని నిలబెట్టాలి. మెథియోనిన్, లైసిన్, కాల్షియం, విటమిన్ల శాతాన్ని, తిండి ఎంత తగ్గిందో ఆ మేరకు పెంచాలి. మొత్తం ప్రొటీన్‌ను విచ్చలవిడిగా పెంచకూడదు, ఎందుకంటే మిగులు ప్రొటీన్ విడగొట్టే పనిలో ఒంట్లో ఇంకా వేడి పుడుతుంది.

అంకె నిజమైతేనే

చదరంలో 9, 45 అని మనం రాసుకున్నాం. ఆ అంకెలు పుస్తకంలోవి. లారీలో వచ్చిన సరుకు పుస్తకం చదువుకుని రాదు. సోయా చెక్క నిజానికి 42 శాతమే ఉందనుకోండి. మన 27.5 కిలోల్లో ప్రొటీన్ 11.55 కిలోలకు తగ్గి, దాణా 17.2 శాతం అవుతుంది. ముందే తెలిసి ఉంటే చదరంలో 42 వేసేవాళ్లం. 22 భాగాలు, 11 భాగాలు వచ్చి, మొక్కజొన్న 60, సోయా 30 కిలోలతో 18 శాతం నిలిచేది. కాబట్టి ప్రతి పెద్ద లోడు నుంచీ నాలుగైదు బస్తాల్లో, పైనా నడుమా అడుగునా చేయి పెట్టి నమూనా తీసి ల్యాబ్‌కు పంపడం లెక్కలో భాగమే.

ల్యాబ్ అంకెను కూడా అర్థం చేసుకుని చదవాలి. అక్కడ నేరుగా కొలిచేది నత్రజనిని. దాన్ని 6.25తో గుణించి ముడి ప్రొటీన్ అంటారు. యూరియాలో నత్రజని 46 శాతం. గుణిస్తే 287 శాతం ప్రొటీన్ ఉన్నట్టు చూపిస్తుంది. వంద కిలోల 42 శాతం సోయా చెక్కలో ఒక కిలో సరుకు తీసి కిలో యూరియా కలిపితే ల్యాబ్ కాగితం మీద అది 44.5 శాతం సరుకు. ఆవుకు, గేదెకు పొట్టలో ఉండే సూక్ష్మజీవులు యూరియాను కొంత ప్రొటీన్‌గా మార్చుకుంటాయి. కోడికి అలాంటి పొట్ట లేదు, ఆ నత్రజని దానికి ఎందుకూ కొరగాదు. అనుమానం వస్తే ప్రొటీన్‌తో పాటు యూరియా పరీక్ష కూడా అడగాలి.

ఇంకో సంగతి ఉడుకుకు సంబంధించింది. పచ్చి సోయాలో, కోడి ప్రొటీన్‌ను జీర్ణం చేసుకునే ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థం ఉంటుంది. మిల్లులో తగినంత వేడి తగిలితే అది చచ్చిపోతుంది. వేడి చాలకపోతే మిగిలిపోతుంది, ఎక్కువైతే లైసిన్ మాడిపోయి కోడికి అందకుండా పోతుంది. వేడి సరిగా తగిలిన సరుకూ, పచ్చి సరుకూ, మాడిన సరుకూ ముడి ప్రొటీన్ పరీక్షలో 45 అనే చూపిస్తాయి. మొదటి తప్పును యూరియేజ్ పరీక్ష పట్టిస్తుంది. రెండోదానికి సరుకు మామూలు లేత పసుపు రంగు దాటి ఎర్రగా, గోధుమ రంగులోకి తిరగడం ఒక గుర్తు.

మొక్కజొన్న విషయంలో చూడాల్సింది తేమ. 12, 13 శాతం దాటితే ఒక్క ప్రొటీన్ పలచబడడమే కాదు, బూజు పట్టి అఫ్లాటాక్సిన్ పుడుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అలాంటి దాణా ఎంత చక్కగా లెక్కకట్టినా పెట్టకు ఉపయోగపడదు. గింజలు పిడికిట్లో పట్టుకుంటే గలగలమనాలి, కొరికితే టక్కున విరగాలి. మీటరు ఉంటే మరీ మంచిది.

పెట్ట చెప్పే జవాబు

పెద్ద ఫీడ్ మిల్లుల్లో ఈ లెక్కంతా కంప్యూటర్ చేస్తుంది. పది పన్నెండు సరుకులు, ఇరవై పోషకాలు, ఆనాటి ధరలు ఇస్తే అన్ని షరతులూ తీర్చే అతి చౌక మిశ్రమాన్ని తేలుస్తుంది. రెండు సరుకులు, ఒక పోషకం దాటితే చదరానికి చేతకాదు. అయినా కంప్యూటర్ ఇచ్చిన జాబితా చేతికి రాగానే ప్రొటీన్ సరిగా ఉందో లేదో చూడడానికి, షెడ్ దగ్గర సోయా లోడు మారినప్పుడు ఎన్ని కిలోలు మార్చాలో తేల్చడానికి ఇంతకన్నా త్వరగా అయ్యే లెక్క లేదు.

దాణా మార్చిన రోజు నుంచి నాలుగు అంకెలు రాసుకోండి. పెట్టకు రోజుకు ఎన్ని గ్రాముల దాణా ఖర్చవుతోంది, వందకు ఎన్ని గుడ్లు వస్తున్నాయి, ఒక ట్రే గుడ్ల సగటు బరువెంత, పగిలినవీ తోలుగుడ్లూ ఎన్ని. దాణా ఖర్చు పెరిగి మిగతావి మారకపోతే శక్తి తగ్గింది. గుడ్డు బరువు ముందు తగ్గితే ప్రొటీన్‌నో మెథియోనిన్‌నో అనుమానించాలి. బరువు బాగానే ఉండి పెంకులు పగులుతుంటే గ్రిట్ తూకం, దాని ముక్కల సైజు చూడాలి. రెట్టలు నీళ్లుగా మారితే ప్రొటీన్ మిగులు, ఉప్పు తూకం చూడాలి. ఇదే లక్షణం రోగాల్లోనూ ఉంటుంది కాబట్టి పశువైద్యుణ్ని పిలిచినప్పుడు దాణా కాగితం, ఈ నాలుగు అంకెల పుస్తకం రెండూ ఆయన చేతిలో పెట్టండి. సగం నిర్ధారణ అక్కడే జరిగిపోతుంది.